ఏకారం బరువు



శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. వెనక్కి తిరిగి చూసుకుంటే పాఠం చెప్పిన గంటలకన్నా వ్యాసాలు దిద్దిన గంటలే ఎక్కువేమో అనిపిస్తుంది. ఇవాళ మీతో మాట్లాడబోయేది అలా దిద్దిన ఒక వ్యాసం గురించి.

బీఏ రెండో సంవత్సరం పిల్లలకు ఒక అసైన్‌మెంటు ఇచ్చాం. వెయ్యి మాటల్లో ఒక వాదాన్ని నిలబెట్టాలి. ఏదో ఒక విషయాన్ని వర్ణిస్తే సరిపోదు, ఉన్న సంగతులు పోగుచేసి పెట్టినా సరిపోదు. ఒక పక్షం తీసుకుని, అటువైపు వాళ్ళకు కూడా జవాబు చెప్పాలి. కవిటి వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి ఒకతె ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రాసింది. ఇచ్ఛాపురం నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పొడుగునా కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉన్న ఊళ్ళను ఉద్దానం అంటామని మన జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్ళలో డయాలసిస్‌కి తిరిగే మనిషి లేని వీధి దొరకడం కష్టమని ఆ అమ్మాయికి పుస్తకం చదివి తెలిసిన సంగతి కాదు. వాళ్ళ మావయ్యే ఆ జబ్బుతో పోయాడు.

అంత తెలిసిన పిల్ల వ్యాసం ఎలా మొదలుపెట్టిందంటే, ‘నేటి ఆధునిక యుగంలో ఆరోగ్యమే మహాభాగ్యము’ అని. ఆ తరవాత ఒక పేజీ నిండా కిడ్నీ ఎక్కడ ఉంటుంది, ఏం పని చేస్తుంది. చివరికి ఆమె వాదం అనదగ్గ వాక్యం రెండో పేజీ మధ్యలో దొరికింది. ‘ఉద్దానం కిడ్నీ సమస్య చాలా తీవ్రమైనది, దీనిపై ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి.’

పిలిచి అడిగాను. ‘ఇది కాదనేవాళ్ళు ఎవరమ్మా?’

కాసేపు ఆలోచించి, ‘ఎవరూ లేరు సార్’ అంది.

కాదనేవాళ్ళు లేని మాటను వెయ్యి మాటల్లో రుజువు చెయ్యడం దేనికి? ‘తీవ్రమైనది’ అంటే కాదనేవాడు లేడు. ‘తగిన చర్యలు’ అంటే అసలే లేడు, ఎందుకంటే తగినవేవో చెప్పలేదు కదా. వాదవ్యాసానికి ప్రాణం ఒక్క వాక్యం. ఇంగ్లీషు క్లాసులో థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. మన తర్కశాస్త్రం దాన్ని ప్రతిజ్ఞ అంది. రోజూ బడిలో చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ కాదు. ‘నేను ఫలానాది సాధించి చూపిస్తాను’ అని వాది ముందుగా ఒప్పుకునే మాట అది. ఆ తరవాతే హేతువు, ఉదాహరణ వగైరా. బుద్ధీ జ్ఞానమూ ఉన్న ఒక మనిషి, విషయం తెలిసిన మనిషి, ఆ మాట విని ‘అబ్బే, నేనొప్పుకోను’ అనడానికి వీలుంటేనే అది ప్రతిజ్ఞ. అలా అనే మనిషిని మీరు ఊహించుకోలేకపోతే ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయండి.

అమ్మాయి వారం తరవాత మళ్ళీ రాసుకొచ్చింది. ఈసారి మొదటి పేరాలోనే ఉంది వాక్యం. ‘ఉద్దానం కిడ్నీ జబ్బుకు అక్కడి భూగర్భ జలాలే కారణం కనుక, ఇంటింటికీ నది నీరు ఇస్తే ఈ జబ్బు పోతుంది.’

ఇది నిజంగా పెద్ద అడుగు. ఇప్పుడు ఒక పక్షం ఉంది, ఒక కారణం ఉంది, ఒక పరిష్కారం ఉంది. కాదనేవాళ్ళూ ఉంటారు. నాకు సంతోషం వేసింది, కానీ ఆ వాక్యంలో ఒక అక్షరం కింద ఎర్ర గీత గీశాను. ‘జలాలే’లో ఉన్న ఏకారం కింద.

తెలుగులో ఈ ఏకారం చాలా చిన్నది. పలికేటప్పుడు ఊపిరి కూడా ఎక్కువ పట్టదు. వాదంలో మాత్రం దాని బరువు మొయ్యలేం. ‘నీళ్ళు ఒక కారణం’ అంటే నీటివల్ల కొంత చెరుపు జరిగిందని చూపిస్తే చాలు. ‘నీళ్ళే కారణం’ అన్నారంటే, ఎండ కాదని, పురుగుమందులు కాదని, నొప్పి మాత్రలు కాదని, వంశంలో వచ్చింది కాదని, అన్నీ విడివిడిగా కొట్టిపారెయ్యాలి. ఒక్క అక్షరంతో నెత్తిమీదకు ఇంత మోపు ఎత్తుకున్నామని రాసేటప్పుడు తెలియదు. ‘మాత్రమే’, ‘అందరూ’, ‘ఎప్పుడూ’, ‘పూర్తిగా’ అనే మాటలకీ ఇదే సంగతి. పిల్లలు వీటిని బలం కోసం వాడతారు. చదివేవాడికి అవే తలుపు సందులు.

ఆ సందులోంచి మొదట దూరింది నేను కాదు, ఆ అమ్మాయి మేనత్త. వ్యాసం ఇంట్లో పైకి చదివి వినిపించిందట. పోయినది ఈవిడ భర్తే. ఆవిడ చదువుకోలేదు. జీడిపప్పు వలిచే పనికి వెళ్తుంది. అంతా విని ఏమందంటే, ‘ఒకే నూతిలో నీళ్ళు ఆడూ తాగినాడు, నానూ తాగినాను. ఆడికొచ్చింది, నాకు రానేదు. మరి నీళ్ళేటి చేసినాయి?’

నా సర్వీసులో ఇంత మంచి పూర్వపక్షం ఏ సెమినార్‌లోనూ వినలేదు. అమ్మాయి బెంబేలు పడిపోయి వచ్చింది, ‘నా వ్యాసం పోయింది సార్’ అని. పోలేదు, ఇప్పుడే మొదలైందన్నాను. అలా ఎందుకన్నానో చెప్పాలంటే మిమ్మల్ని ఒక్కసారి నూరేళ్ళు దాటి వెనక్కి, విజయనగరం తీసుకువెళ్ళాలి. వాదవ్యాసం ఎలా రాయాలో నేర్చుకోవడానికి మన రెండు జిల్లాల పిల్లలు ఎక్కడికో పోనక్కర్లేదు. తెలుగులో కాలేజీ పిల్లలు రాసే వ్యాసం ఏ భాషలో ఉండాలన్న గొడవే ఇక్కడ పుట్టింది. ఆ గొడవలో రాసిన పత్రాలను మించిన పాఠ్యపుస్తకం నాకు తెలీదు.

సంగతి మీలో చాలామందికి తెలుసు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజావారి స్కూల్లో చదివారు, పర్లాకిమిడిలో మేష్టరయ్యారు. గురజాడ అప్పారావు ఆయనకు విజయనగరంలో తోటి విద్యార్థి. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలో ఈ వైపు స్కూళ్ళకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, బడి పుస్తకాల్లో తెలుగుకీ జనం నోట్లో తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగుకీ గురజాడకీ చేరింది. తరవాత మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ విద్యార్థులు సొంత భాషలో వ్యాసరచన చెయ్యాలని పెట్టేసరికి, ఏ తెలుగులో రాయాలన్నది పరీక్షల వ్యవహారం అయిపోయింది. కమిటీ వేశారు. అటువైపు జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయ శాస్త్రి వంటి ఉద్దండులు. కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపే నిలిచారు. గురజాడ 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. డిసెంట్ పత్రం అని మనం చెప్పుకునేది అదే. అంతకుముందే గిడుగు ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం రాశారు. రెండూ ఇంగ్లీషులోనే. తెలుగు కోసం వాదన ఇంగ్లీషులో చెయ్యాల్సివచ్చిందేమని నవ్వుకోవచ్చు కానీ, తీర్పు చెప్పేవాళ్ళు ఎవరో వాళ్ళకు అర్థమయ్యే భాషలో రాయడం కూడా వాదంలో భాగమే.

ఇప్పుడు మన అమ్మాయి స్థానంలో గిడుగును పెట్టి చూడండి. ఆయన గనక ‘మాట్లాడే భాషలోనే రాయాలి’ అని ఊరుకుని ఉంటే? మళ్ళీ ఏకారం. వెంటనే అటువైపు వాళ్ళు అడుగుతారు, అడిగారు కూడా. ఎవరు మాట్లాడే భాష? ఇచ్ఛాపురంలో మాటా, నెల్లూరులో మాటా? సంతలో తిట్టుకునే మాటా? జిల్లాకో యాస ఉన్నప్పుడు ఒకరు రాసింది ఇంకొకరికి ఎలా అర్థమవుతుంది? తెలుగువాళ్ళందరినీ కలిపి ఉంచుతున్నది గ్రంథ భాష ఒక్కటే కదా, దాన్ని వదిలేస్తే రేపు పిల్లలు భారతం ఎలా చదువుకుంటారు?

ఇవి తేలిక ప్రశ్నలు కావు. ఇవాళ మనకు గెలిచిన పక్షం తెలుసు కాబట్టి అటువైపు వాళ్ళు మూర్ఖులని అనుకుంటాం. వాళ్ళు మహా పండితులు, వాళ్ళ భయంలో అర్థం ఉంది. గిడుగు గొప్పతనం వాళ్ళను వెక్కిరించడంలో లేదు. అప్పుడప్పుడు వెక్కిరించారు కూడా, అది వేరే సంగతి. ఆ ప్రశ్నల్లో నిజం ఎంత ఉందో అంతమేరకు తన ప్రతిజ్ఞను చెక్కుకున్నారు. ‘గ్రామ్యం’ అన్న ఆక్షేపణకు జవాబుగా ఆ పక్షం పట్టుకున్న మాట ‘శిష్ట వ్యావహారికం’. అంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడే భాష కాదు, చదువుకున్నవాళ్ళు నలుగురిలో మాట్లాడుకునే భాష. జిల్లా దాటి వచ్చిన ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఏ తెలుగులో మాట్లాడుకుంటే ఒకరికొకరు అర్థమవుతారో ఆ తెలుగు. ‘భారతం ఏమైపోతుంది’ అన్న ఆక్షేపణకు జవాబుగా, పాత కావ్యాలు చదవొద్దని మేం అనడంలేదు, ఈ కాలపు పిల్లలు సొంతంగా రాసే వచనం గురించే మా మాట అని హద్దు గీసుకున్నారు.

గమనించారా? వచ్చిన ప్రతి ఆక్షేపణా ప్రతిజ్ఞలో ఒక మాటను మార్చింది. నేను మీకు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. పూర్వపక్షం అనేది వ్యాసం అయిపోయాక చివర అతికించే పేరా కాదు. ప్రతిజ్ఞను చెక్కే ఉలి అది. మన మీమాంసకులు ఈ పని ఎంత బాగా చేశారో చూడండి. ముందు విషయం, తరవాత సందేహం, తరవాత పూర్వపక్షం, ఆ పైనే సిద్ధాంతం. ఎదుటివాడి మాట పూర్తిగా చెప్పకుండా తన మాట చెప్పే హక్కు శాస్త్రకారుడికి లేదు. మన పరీక్ష పేపర్లలో ఆ క్రమం తలకిందులైంది. ముందు నేను, తరవాత నేను, ఆఖర్న ‘కొందరు దీనిని వ్యతిరేకించుచున్నారు, కాని అది సరికాదు’ అని ఒక్క ముక్క.

చెక్కుకోవడం ఒక రకం జవాబు. ఎదుటివాడి మాటలో ఉన్నది పొరపాటని సాక్ష్యంతో చూపించడం ఇంకో రకం. గ్రంథభాషే తెలుగువాళ్ళందరికీ సమానమైన ప్రామాణిక భాష అన్నారు కదా పండితులు. గిడుగు ఏం చేశారంటే వాళ్ళ పుస్తకాలే తెచ్చి ముందు పెట్టుకున్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణం పక్కన పెట్టుకున్నారు. గ్రాంథికమే రాయాలనేవాళ్ళు రాసిన గ్రాంథికంలోనే ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటీ ఏరి చూపించారు. తరవాత ఆ పనంతా ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పుస్తకమే అయింది. పండితులకే పట్టుబడని భాషలో పదహారేళ్ళ కుర్రాడు పరీక్ష రాయాలా అన్నది అందులోంచి దానంతటదే వచ్చే ప్రశ్న. పాత వ్యాఖ్యానాల్లోంచి, శాసనాల్లోంచి వాడుక రూపాలు తీసి, ఇది కొత్తగా పుట్టిన జాడ్యం కాదని చూపించారు. ఎదుటివాడు ఒప్పుకునే సాక్ష్యంతోనే ఎదుటివాడికి జవాబు చెప్పడం ఇది. మీ సాక్ష్యం మీ పక్షంవాళ్ళు మాత్రమే నమ్మేదైతే దానితో జవాబు చెప్పినట్టు కాదు.

మూడో రకం ఒకటుంది, అది అందరికీ చేదు. ఆక్షేపణ నిజం, దానికి మన దగ్గర జవాబు లేదు అని ఒప్పుకోవడం. శిష్ట వ్యావహారికం అన్నప్పుడు శిష్టులెవరు? ఈ ప్రశ్న ఆనాడూ ఉంది. తేలిక జవాబు లేదు. ఆఖరికి జరిగింది చూస్తే, అచ్చులో ప్రమాణంగా నిలిచింది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష. వాడుక భాష ఉద్యమం మన గడ్డమీద పుట్టింది. మన ‘ఏటి’, మన ‘రానేదు’ మాత్రం వ్యాసంలోకి రాలేదు. కథలోకి రావడానికి చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు గార్ల వంటివాళ్ళు కలం పట్టాల్సివచ్చింది. దీనివల్ల గిడుగు వాదం ఓడిపోయిందా? లేదు. గ్రాంథికం కన్నా ఇది ఎక్కువమందికి దగ్గర అన్న మాట నిలిచే ఉంది. కానీ ఆ ఖర్చు ఒప్పుకోకుండా ఇవాళ ఎవరైనా గిడుగు పక్షాన వ్యాసం రాస్తే నేను మార్కులు తగ్గిస్తాను.

సరే, మళ్ళీ కవిటి పోదాం. మేనత్త అడిగిన ప్రశ్న ముందు మన అమ్మాయి కూర్చుని ఉంది.

‘ముందు అత్త మాటను ఆవిడకన్నా బాగా రాయి’ అన్నాను. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ దీనికి మించిన పని లేదు. పొలంలో దిష్టిబొమ్మను నిలబెట్టి, దాన్నే కర్రతో కొట్టి, దొంగను పట్టేశానంటే ఎవరు నమ్ముతారు? ‘చదువులేనివాళ్ళు నీటి కాలుష్యాన్ని అర్థం చేసుకోలేరు’ అని రాసిందనుకోండి, అది దిష్టిబొమ్మ. అత్త చదివి ‘ఔను, నానన్నది ఇదే’ అనాలి. అదీ కొలత. అమ్మాయి కష్టపడి ఇలా రాసింది: ‘ఒకే బావి నీరు తాగిన ఒకే ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చి ఒకరికి రాలేదు. నీరే కారణమైతే ఈ తేడా ఎందుకు? మగవాళ్ళు ఎండలో తోటపని చేస్తారు, ఆడవాళ్ళు నీడలో జీడిపప్పు వలుస్తారు. కనుక కారణం నీటిలో కాక పనిలో ఉండవచ్చు.’ చూశారా, ఎదుటివాడి మాటను బలంగా రాయబోయేసరికి వాళ్ళత్త కూడా అనని ఒక హేతువు దొరికింది.

అది ఉత్త ఊహ కూడా కాదు. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు తోటల కూలీలకు ఇలాగే కారణం తెలియని కిడ్నీ జబ్బు వస్తోంది. అక్కడ చాలామంది పరిశోధకులు ఎండదెబ్బనీ, ఒంట్లో నీరు ఆరిపోవడాన్నీ అనుమానిస్తున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ ఇటువంటి జబ్బే ఉంది. అక్కడ నీటినీ వ్యవసాయ మందులనూ అనుమానించేవాళ్ళు ఎక్కువ. ఉద్దానంలో నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, జన్యువులన్నారు. ఏ ఒక్కటీ ఇదే కారణం అని తేలలేదు.

ఇప్పుడు చెప్పవలసిన జవాబు ఏమిటి? ఇందులో రెండు పాయలున్నాయి, కలిపేస్తే చెడుతుంది. మొదటిది, ఒకే నీరు తాగి ఒకరికి వచ్చి ఒకరికి రాలేదంటే నీటికి పాత్ర లేదని రుజువు కాదు. బీడీ కాల్చే అన్నదమ్ముల్లో ఒకడికే క్యాన్సర్ వచ్చినంతమాత్రాన పొగాకు నిర్దోషి అయిపోదు. అంతవరకూ అత్త మాటకు జవాబుంది. రెండోది, ‘నీళ్ళే’ అన్నదానికి మాత్రం అత్త మాట గండి కొట్టింది. అక్కడ జవాబు లేదు, ఏకారం తీసెయ్యవలసిందే.

అమ్మాయికి ఇక్కడ కోపం వచ్చింది. ‘ఏకారం తీసేస్తే ఇంకేముంది సార్? కారణం తెలీదని రాయాలా? అయితే నీళ్ళెందుకు అడగాలి?’ అంది.

అసలు ప్రశ్న అదే. కారణం తేలకపోయినా నీళ్ళు అడగొచ్చా? ఈ ప్రశ్న దగ్గర ఆమె తాను తేల్చలేని విషయం వదిలి నిజమైన వాదం పట్టుకుంది. జబ్బుకు కారణం ఏమిటో తేల్చడం డాక్టర్ల పని, పరిశోధకుల పని. బీఏ విద్యార్థిని వెయ్యి మాటల్లో తేల్చగలిగేది కాదు. తేలని కారణం ముందు ఏం చెయ్యాలన్నది మాత్రం పౌరులందరి పని, దాని మీద ఎవరైనా వాదించవచ్చు. చాలా వ్యాసాలు చెడేది ఇక్కడే. తన దగ్గర ఉన్న సాక్ష్యంతో రుజువు చెయ్యగలిగిన మాట వదిలేసి, చెయ్యలేని మాట పట్టుకుంటారు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ఆసుపత్రినీ ప్రారంభించారు. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి ఊళ్ళకు నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్నీ అప్పుడే మొదలుపెట్టారు. కాబట్టి ‘నీళ్ళివ్వాలి’ అని ఇవాళ రాస్తే మళ్ళీ కాదనేవాడు లేని మాట అయిపోతుంది. మరి ఇప్పుడు తెలివైనవాళ్ళు ఎక్కడ తేడాపడతారు? పైపుల్లో నది నీరు వచ్చేసింది కదా, ఇక ఊరూరా తిరిగి పరీక్షలు చెయ్యడం తగ్గించి ఆ డబ్బూ మనుషులనూ ఆసుపత్రికి పెట్టొచ్చు కదా అని ఒకరంటారు. వద్దని ఇంకొకరంటారు. ఇక్కడ అమ్మాయికి పక్షం ఉంది. ఎందుకంటే వాళ్ళ మావయ్యకు జబ్బు తెలిసేసరికే ఆలస్యమైంది. కిడ్నీ చాలాభాగం పాడయ్యేదాకా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే సంగతి బయటపడుతుంది. నొప్పిలేని మనిషి తనంతట తాను ఆసుపత్రికి రాడు, ఆసుపత్రే అతని గుమ్మంలోకి రావాలి.

మూడోసారి రాసిన వాక్యం ఇదీ. ‘ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు కనుక, ఇంటింటికీ నది నీరు ఇవ్వడం అవసరమే అయినా, నీరు వచ్చిందన్న ధైర్యంతో ఊళ్ళలో రక్తపరీక్షలు తగ్గించకూడదు; ఎందుకంటే నీరు కారణం కాని పక్షంలో కొత్త రోగులను ముందుగా పట్టుకోవడానికి ఆ పరీక్షలు కావాలి.’

పొడుగు వాక్యమే. కానీ తెలుగు వాక్యానికి ఒక సౌకర్యం ఉంది. క్రియ చివర వస్తుంది కాబట్టి, ‘అయినా’ అని ఎదుటివాడికి ఇవ్వవలసింది ముందే ఇచ్చేసి, తన తీర్పు చివర పెట్టుకోవచ్చు. ఈ వాక్యంలో ‘తేలలేదు కనుక’ అన్న ముక్క మేనత్త పెట్టింది. ‘అవసరమే అయినా’ అన్నది నీటి పథకం కావాలనేవాళ్ళకు ఇచ్చినది. ‘తగ్గించకూడదు’ అన్నది అమ్మాయిది. ‘ఎందుకంటే’ దగ్గరనుంచి ఉన్నది వ్యాసంలో రుజువు చెయ్యవలసిన బాకీ. వ్యాసంలో ఏ పేరా ఎందుకుందో ఈ వాక్యం చూసి చెప్పెయ్యొచ్చు. కిడ్నీ ఎక్కడ ఉంటుందన్న పేజీకి ఇందులో చోటు లేదు. కొట్టేశాం. పాపం, ఆ పేజీకి బొమ్మ కూడా వేసింది.

వ్యాసం ఎలా కుదిరిందంటే, మొదటి పేరాలో మేనత్త ప్రశ్న, దాని వెనకే ప్రతిజ్ఞ. తరవాత కారణం తేలలేదని చెప్పే పేరా, మన దగ్గరా మధ్య అమెరికాలోనూ ఉన్న అనుమానాలతో. ఆ తరవాత వ్యాసంలో నాలుగో వంతు, అంటే రెండువందల యాభై మాటలదాకా, ‘డబ్బు పరిమితం కదా, నీటికీ ఆసుపత్రికీ పెట్టాక పరీక్షలకు ఎక్కడినుంచి తెస్తారు’ అన్న ఆక్షేపణకు. ఆక్షేపణలు ఏడెనిమిది దొరికాయి, అన్నీ పెట్టబోతే ఆపాను. బలమైనది ఒక్కటి తీసుకుని నిలబడి మాట్లాడితే చాలు. ఎనిమిదింటికి తలా రెండు వాక్యాలు ఇస్తే ఎవరికీ జవాబు చెప్పినట్టు కాదు. ఇక ఆ ఆక్షేపణను ఆఖరి పేరాలో పెట్టొద్దన్నాను. చదివేవాడి చెవిలో చివరికి మిగిలేది ఎదుటివాడి గొంతు కాకూడదు.

‘కొందరు అంటారు’ అని రాసింది ఒకచోట. ఆ కొందరు ఎవరమ్మా అని మార్జిన్‌లో రాశాను. పంచాయతీవాళ్ళా, డాక్టర్లా, నీటి పథకం ఇంజనీర్లా? ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంటుంది. ‘కొందరు’ అన్న మాట ఉన్నచోట చాలాసార్లు దిష్టిబొమ్మ నిలబడి ఉంటుంది.

తన వ్యాసం తానే చూసుకోవడానికి ఆ అమ్మాయికి ఒక పరీక్ష చెప్పాను. మీ ఇంట్లో పిల్లలకూ పనికొస్తుంది. మొట్టమొదట రాసుకున్న ప్రతిజ్ఞను ఒక చీటీ మీద రాసి దాచుకోవాలి. పూర్వపక్షం పేరా, దాని జవాబు రాయడం అయ్యాక ఆ చీటీ తీసి ఇప్పటి ప్రతిజ్ఞతో పోల్చాలి. రెండూ అక్షరం తేడా లేకుండా ఉంటే రెండే కారణాలు. ప్రతిజ్ఞ మొదటినుంచే దోషం లేనిదై ఉండాలి, అది నేను నా సర్వీసులో చూడలేదు. లేకపోతే ఎదుటివాడి మాట మీరు వినలేదు. దీనికి అవతలి గుంట కూడా ఉంది. అన్నీ ఒప్పుకుంటూ పోయి ‘ఇరుపక్షాల్లోనూ నిజముంది, సమతుల్యత పాటించాలి’ అని తేల్చే వ్యాసాలు. అందులో ప్రతిజ్ఞ చెక్కీ చెక్కీ పొట్టయిపోయింది. మార్చాక కూడా దాన్ని కాదనే తెలివైన మనిషి ఒకడు మిగిలి ఉండాలి.

ఇది వింటున్న విద్యార్థులకు ఒక్క మనవి. ఈ నెలలో మీరు ఇవ్వవలసిన వ్యాసం ఏదైనా ఉంటే, అందులో మీ ప్రతిజ్ఞ ఏ వాక్యమో దాని కింద గీత గీయండి. క్లాసులో స్నేహితుడికి కాదు, వాడు మీ మాట ఒప్పేసుకుంటాడు. ఇంట్లో ఎవరికైనా, వ్యాసాలతో పనిలేనివాళ్ళకు, పైకి చదివి వినిపించండి. వాళ్ళు మొట్టమొదట ‘మరి...’ అని ఏమంటారో అది వాళ్ళ మాటల్లోనే, మీ యాసలోనే రాసుకోండి. మీ రెండో పేరా అక్కడినుంచి మొదలుపెట్టండి.